నిగనిగ చెడకుండా నల్లజుట్టుకు రంగు

ఫొటోషాప్‌లో మామూలు నల్లజుట్టున్న ఫొటో ఒకటి తెరవండి. Hue/Saturation ప్యానెల్‌లో హ్యూ స్లయిడర్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి లాగండి. ముఖం పచ్చబడుతుంది, పెదాలు నీలంగా మారతాయి, చీర చూస్తుండగానే నాలుగు రంగులు మారుస్తుంది. జుట్టు మాత్రం చలించదు. ఎంత లాగినా నలుపు నలుపే.

అదే పని గోధుమరంగు జుట్టు మీద చేస్తే క్షణంలో ఎర్రబడుతుంది. జుట్టు రంగు మార్చడం నేర్పే వీడియోల్లో కనిపించేది ఎక్కువగా ఆ జుట్టే. వాటిని చూసి నేర్చుకున్నవాళ్లు మన ఇళ్లలో తీసిన ఫొటోల దగ్గరికొచ్చేసరికి తికమక పడేది ఇక్కడే. నల్లజుట్టుకు దారి వేరు. ఆ దారిలో వెంట్రుకలు విడివిడిగా కనిపించడం తేలికే. జుట్టు మీది మెరుపును సహజంగా నిలబెట్టడమే కష్టం.

హ్యూ ఎందుకు పనిచేయదు?

తెర మీద ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలతో తయారవుతుంది. ఒక్కో అంకె 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఆ అంకెలతో ‘ఈ రంగును కాస్త ఎర్రగా చెయ్యి’ అని చెప్పడం కష్టం. అందుకని అదే రంగును మరో మూడు మాటల్లో చెప్పే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకదాన్ని 1978లో జార్జ్ జోబ్‌లవ్, డొనాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు వివరించారు. హ్యూ అంటే అది ఏ రంగన్నది. దీన్ని చక్రం మీద డిగ్రీల్లో చెబుతారు: 0 ఎరుపు, 60 పసుపు, 120 ఆకుపచ్చ, 240 నీలం, మళ్లీ 360కి ఎరుపు. శాచురేషన్ అంటే ఆ రంగు ఎంత చిక్కగా ఉందన్నది. సున్నా అయితే ఉత్త బూడిదరంగు. లైట్‌నెస్ అంటే నలుపుకీ తెలుపుకీ మధ్య ఎక్కడుందన్నది.

హ్యూ స్లయిడర్ చేసేదల్లా ప్రతి చుక్కనూ చక్రం మీద ఒకే మేరకు తిప్పడం. గోధుమరంగు పాయలో ఒక చుక్క 139, 94, 60 అనుకుందాం. దాని హ్యూ 26 డిగ్రీలు, శాచురేషన్ దాదాపు 40 శాతం. హ్యూని 30 డిగ్రీలు వెనక్కి తిప్పితే అది 139, 60, 65 అవుతుంది, అంటే నిఖార్సైన ఎరుపు. ఇందులో ఇంకో సుగుణం ఉంది. పక్క వెంట్రుక హ్యూ 32 అయితే అదీ అంతే తిరుగుతుంది కాబట్టి రెంటి మధ్య ఉన్న తేడా అలాగే మిగులుతుంది. గోధుమజుట్టుకు హ్యూ ఒక్కటే చాలడానికి కారణం అదే.

ఇప్పుడు నల్లజుట్టుకు వద్దాం. పెళ్లికూతురి ఫొటో ఒకటి తీసుకుందాం: లేత గోడ ముందు పక్కకు తిరిగి నిలబడింది, జడ నిండా మల్లెపూలు, కిటికీ వెలుగు నడినెత్తిన పడుతోంది. జుట్టుకు బర్గండీ ఛాయ కావాలని అడిగారు. ఇన్ఫో ప్యానెల్ తెరిచి మూడు చోట్ల అంకెలు చూద్దాం. చెవి వెనక నీడలో 20, 18, 17. జుట్టు మధ్యలో 58, 51, 47. వెలుగు పడి నిగనిగలాడే చోట 176, 170, 166.

మూడు చోట్లా మూడు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంటే శాచురేషన్ 6 నుంచి 10 శాతం లోపే. మధ్య చుక్కను చక్రంలో సగం దూరం, 180 డిగ్రీలు, తిప్పినా అది 47, 54, 58 అవుతుందంతే. పదకొండు అంకెల తేడాను కన్ను రంగుగా గుర్తించదు. తిప్పడానికి అక్కడ రంగంటూ ఉండాలి కదా!

‘అయితే శాచురేషన్ పెంచుదాం’ అనిపిస్తుంది. పెంచి చూస్తే జుట్టులో అక్కడక్కడ ఎర్రటి, పచ్చటి గళ్లు తేలతాయి. తప్పు స్లయిడర్‌ది కాదు, ఫొటో దాచిన పద్ధతిది. జెపెగ్ ఫైలు వెలుగునీడల్ని వివరంగానూ, రంగును చాలాసార్లు సగం వివరంతోనూ దాచుకుంటుంది. ఆ రంగును కూడా గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. మామూలుగా కంటికి ఆనని ఆ గళ్లను శాచురేషన్ పెంపు పైకి లాగుతుంది. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫొటోల్లో ఇది మరీ ఎక్కువ.

కలరైజ్ చేసే పని

నల్లజుట్టుకు దారి, అదే ప్యానెల్ అడుగున ఉండే Colorize అనే చిన్న గడి. దాన్ని టిక్ చేస్తే పద్ధతే మారిపోతుంది. పాత రంగును తిప్పడం కాదు, దాన్ని పూర్తిగా పక్కనబెట్టి, ప్రతి చుక్కకూ మనం చెప్పిన హ్యూ, శాచురేషన్ ఇస్తుంది. చుక్క లైట్‌నెస్ మాత్రం ముట్టుకోదు. జెపెగ్ గళ్లలోని దొంగరంగులు కూడా పాత రంగుతోపాటే పోతాయి.

మన ఫొటోకి హ్యూ 345, శాచురేషన్ 40 ఇద్దాం. లెక్క ప్రకారం నీడ చుక్క 26, 11, 15 అవుతుంది. మధ్య చుక్క 74, 32, 42 దగ్గరికొస్తుంది. ఒకటి ఎర్రటి ఛాయ ఉన్న నలుపు, రెండోది ముదురు బర్గండీ. వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య ఉన్న వెలుగునీడల తేడా దాదాపు అలాగే ఉంది. జుట్టును జుట్టుగా చూపించేది ఆ తేడాయే. బ్రష్‌తో పైపైన రంగు పూస్తే జుట్టు ముద్దలా అయిపోవడానికీ, ఇలా చేస్తే పాయలు విడివిడిగా నిలవడానికీ ఇదే కారణం.

‘దాదాపు’ అనడానికి కారణం ఉంది. ఈ లెక్కలోని లైట్‌నెస్, కంటికి కనిపించే వెలుగు ఒకటి కావు. పసుపు, నీలం రెండూ లెక్కలో ఒకే లైట్‌నెస్‌తో ఉండవచ్చు. కంటికి మాత్రం పసుపు వెలుగుతూ, నీలం చీకటిగా కనిపిస్తుంది. అందుకే జుట్టును నీలం చేస్తే అది అనుకున్నదానికన్నా నల్లబడుతుంది. లేయర్ల ప్యానెల్‌లో ఆ అడ్జస్ట్‌మెంట్ లేయర్ బ్లెండ్ మోడ్‌ని Normal నుంచి Color కి మారిస్తే ఫొటోషాప్ కంటి లెక్కను పట్టించుకుని, కింది ఫొటో వెలుగును ఉన్నదున్నట్టు ఉంచుతుంది. బర్గండీకి ఈ తేడా స్వల్పమే. నీలానికీ ఊదాకీ మాత్రం ఇది చేయక తప్పదు.

మెరుపు గులాబీ అయితే

మూడో చుక్కను ఇంకా చూడలేదు. నిగనిగలాడే చోట 176, 170, 166 ఉన్నది ఇప్పుడు 205, 137, 154 అయింది. అంటే గులాబీ రంగు. నీడలో అతి పెద్ద అంకెకీ అతి చిన్న అంకెకీ తేడా 15, మధ్యలో 42, మెరుపులో 67. అందరికన్నా ఎక్కువ రంగు మెరుపుకే పట్టింది.

ఇది లెక్కలోనే ఉంది. ఒకే శాచురేషన్ ఇచ్చినా, నలుపు దగ్గరా తెలుపు దగ్గరా రంగుకు చోటుండదు, సగం వెలుగు దగ్గర అత్యధికంగా ఉంటుంది. నల్లజుట్టు మీది మెరుపు పూర్తి తెలుపు కాదు, ఆ సగానికి కాస్త పైన ఉంటుంది. అందుకే రంగంతా అక్కడికే చేరుతుంది. ‘ఎక్కడో తేడాగా ఉంది, విగ్గులా ఉంది’ అని చూసినవాళ్లు అంటారు. ఏది తేడాగా ఉందో చెప్పలేరు. ఎక్కువసార్లు ఆ తేడా ఈ గులాబీ మెరుపే.

అసలు జుట్టు మీద వెలుగు పడితే ఏం జరుగుతుంది? దీన్ని 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్, ఆయన సహచరులు కొలిచి వివరించారు. యానిమేషన్ సినిమాల్లోని జుట్టుకు తర్వాత అదే పునాది అయింది. వెంట్రుక మీద పడ్డ వెలుగులో కొంత పై పొర నుంచే తిరిగొస్తుంది. అది వెంట్రుక లోపలికి వెళ్లదు కాబట్టి దానికి వెంట్రుక రంగు అంటదు, వెలుగు రంగే ఉంటుంది. కిటికీ వెలుగు తెల్లనిదైతే ఆ మెరుపూ తెల్లనిదే. ఇంకొంత వెలుగు వెంట్రుక లోపలికి పోయి, వెనక గోడకు తగిలి, మళ్లీ బయటికొస్తుంది. దారిలో వెంట్రుక రంగును పట్టుకొస్తుంది కాబట్టి అది రంగు మెరుపు. వెంట్రుక పై పొర పెంకుల్లా వాలుగా ఉండటం వల్ల ఈ రెండు మెరుపులూ ఒకేచోట పడవు. తెల్లటిది కొసల వైపు, రంగుది కుదుళ్ల వైపు జరిగి ఉంటాయి.

అంటే రంగు వేసుకున్న జుట్టులో కూడా నడి మెరుపు తెల్లగానే ఉండాలి, దాని పక్కన చిక్కటి రంగు పట్టీ ఉండాలి. కలరైజ్ చేసింది దీనికి తలకిందులు. దాన్ని సరిచేయాలి.

దానికి పనికొచ్చేది Blend If. అడ్జస్ట్‌మెంట్ లేయర్ పేరు పక్కన ఖాళీ చోట రెండుసార్లు నొక్కితే లేయర్ స్టయిల్ కిటికీ తెరుచుకుంటుంది. అడుగున Underlying Layer అని ఒక పట్టీ, దాని కుడికొసన తెల్ల త్రికోణం ఉంటాయి. కింది ఫొటోలో ఇంతకన్నా వెలుగున్న చోట ఈ లేయర్ పనిచేయొద్దు అని చెప్పేది ఆ త్రికోణం. దాన్ని ఊరికే లాగితే రంగు గీత గీసినట్టు తెగిపోతుంది. Alt నొక్కి పట్టుకుని లాగితే త్రికోణం రెండుగా చీలుతుంది. ఎడమ సగాన్ని 110 దగ్గర, కుడి సగాన్ని 190 దగ్గర పెట్టండి. 110 వెలుగు వరకు రంగు పూర్తిగా ఉంటుంది, అక్కడి నుంచి పలచబడుతూ 190కి మాయమవుతుంది.

మన మెరుపు చుక్క వెలుగు సుమారు 171 కాబట్టి దానికి రంగులో పావు వంతే అందుతుంది. 205, 137, 154 కాస్తా 183, 162, 163 అవుతుంది. తెలుపులో చిన్న ఎర్ర ఛాయ, అంతే. దాని పక్కన 80, 100 వెలుగున్న వెంట్రుకలకు మాత్రం రంగు పూర్తిగా పట్టింది. తెల్ల మెరుపు, పక్కనే రంగు పట్టీ. అసలు జుట్టు పద్ధతికి దగ్గరగా వచ్చాం. ఇక్కడ 110, 190 అన్నవి ఈ ఫొటోకి సరిపోయే అంకెలు. మీ ఫొటోలో మెరుపు దగ్గర ఇన్ఫో ప్యానెల్ ఏం చెబుతుందో చూసి, దానికి కాస్త కిందా పైనా రెండు సగాల్నీ సర్దుకోవాలి.

నీడ తెరవాలంటే

ఇంత చేసినా జుట్టు మరీ ముదురుగా ఉందనిపించవచ్చు. గోరింటాకు పెట్టుకుంటే తెల్లవెంట్రుకలు ఎర్రబడి, నల్లవి ఎండలో తప్ప రంగు చూపించవు. ఇక్కడా అంతే. నలుపులో రంగుకు చోటు లేదు, చోటు చేయాలంటే ముందు వెలుగు పెంచాలి.

అదే ప్యానెల్‌లో లైట్‌నెస్ స్లయిడర్ ఉంది కదా అని దాన్ని +20కి లాగితే జుట్టు మీద బూడిద చల్లినట్టవుతుంది. ఆ స్లయిడర్ ప్రతి చుక్కనూ తెలుపు వైపు ఐదో వంతు జరుపుతుంది. నీడ చుక్క 18 ఉన్నది 65కి ఎగబాకుతుంది, మధ్య చుక్క 52 నుంచి 93 దగ్గరికొస్తుంది. రెంటి మధ్య 34 ఉన్న తేడా 27కి పడిపోయింది. నలుపు పోయింది, వెంట్రుకల మధ్య ఎడమూ తగ్గింది.

దానికి బదులు Hue/Saturation లేయర్ కింద ఒక Curves లేయర్ పెట్టండి. గీత మీద రెండు చోట్ల చుక్క పెట్టి, నీడను 18 నుంచి 20కి మించకుండా పట్టుకుని, మధ్యను 52 నుంచి 80కి ఎత్తండి. మెరుపు దగ్గర గీత పాత దారిలోనే పోయేట్టు చూడండి. ఇప్పుడు నీడకీ మధ్యకీ తేడా 34 నుంచి 60 అయింది. నలుపు నలుపుగానే ఉండి, పాయలు ఇంకా స్పష్టంగా విడిపోయాయి. 80 వెలుగున్న ఆ చుక్కకు ఇప్పుడు కలరైజ్ తగిలితే 112, 48, 64 అవుతుంది. బర్గండీ అని ఎవరైనా ఒప్పుకునే రంగు అది. కాకపోతే చీకట్లో కెమెరా పట్టుకున్న మచ్చలు కూడా వెలుగుతోపాటు పైకొస్తాయి. నూటికి నూరు శాతం సైజులో చూస్తూ, మచ్చలు తేలడం మొదలైన చోట ఆగాలి.

మల్లెపూలు, ముంగురులు, పాపిట

ఇంతవరకూ లెక్క జుట్టు గురించే. లేయర్ మాత్రం ఫొటో మొత్తం మీద పనిచేస్తోంది. దాన్ని జుట్టుకే పరిమితం చేసేది మాస్క్. మాస్క్‌ని Ctrl+I తో నల్లగా చేసి, మెత్తటి అంచున్న తెల్ల బ్రష్‌తో, ఫ్లో 20 నుంచి 30 శాతం పెట్టి, జుట్టు పారే దిశలోనే చేయి కదుపుతూ రంగును తెచ్చుకోవడం మంచి పద్ధతి. సెలెక్ట్ అండ్ మాస్క్‌లోని రిఫైన్ ఎడ్జ్ బ్రష్ అంచు వెంట్రుకల్ని ఏరిపెట్టగలదు. కానీ లోపలి నిర్ణయాలు చేత్తోనే తీసుకోవాలి.

మల్లెపూల సంగతి చూడండి. రేకులు 190 పైన వెలుగుతో ఉంటాయి కాబట్టి మనం పెట్టిన బ్లెండ్ ఇఫ్ వాటిని దానంతటదే వదిలేస్తుంది. రేకుల మధ్య నీడలు మాత్రం 100 దగ్గర ఉంటాయి. అవి బర్గండీ తాగి, పూలదండ కనకాంబరాలు కలిపినట్టు కనబడుతుంది. దండ మీద మాస్క్‌ని నల్ల బ్రష్‌తో తుడిచేయాలి. పాపిటబిళ్ల, జడగంటలు, చెవి దగ్గర చెంపసరాలు కూడా అంతే. పాపిటలో కనిపించే మాడు చర్మానికి రంగు అంటితే తలకు రంగు పులిమినట్టుంటుంది. నుదుటి అంచున, పిల్ల వెంట్రుకలు చర్మంలో కలిసిపోయే చోట, రంగు మెల్లగా పలచబడాలి తప్ప గీత పడకూడదు. కనుబొమ్మల్ని వదిలేయాలి. నిజంగా రంగు వేసుకున్నవాళ్ల కనుబొమ్మలూ మామూలుగా నల్లగానే ఉంటాయి.

ముంగురులది వేరే చిక్కు. గోడ మీదికి ఎగిరిన ఒక్క వెంట్రుక చుక్కకన్నా సన్నగా ఉంటుంది కాబట్టి ఆ చుక్కలో సగం వెంట్రుక, సగం గోడ కలిసి ఉంటాయి. దాని వెలుగు 120, 130 దగ్గర తేలుతుంది. రంగు అత్యధికంగా పట్టే చోటు కూడా సరిగ్గా అదే. అందుకే తల చుట్టూ గులాబీ రంగు వలయం వస్తుంది. మాస్క్‌ని అంచు దగ్గర 40, 50 శాతం బూడిదరంగుకు తగ్గిస్తే వలయం పోయి వెంట్రుకలు మిగులుతాయి. 200 శాతం పెద్దది చేసి, లేయర్ పక్కన కన్ను బొమ్మను ఆర్పుతూ వెలిగిస్తూ తల చుట్టూ ఒకసారి తిరిగొస్తే వలయం ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇక మిగిలింది ఒకే రంగు చప్పదనం. కలరైజ్ ప్రతి వెంట్రుకకూ 345 అనే ఒకే హ్యూ ఇచ్చింది. అసలు జుట్టులో వెలుగు తగిలే పాయలు కాస్త వేరే ఛాయలో ఉంటాయి. ఆ లేయర్‌ని Ctrl+J తో మాస్క్‌తో సహా నకలు తీసి, నకలులో హ్యూని 355కి జరపండి. దాని బ్లెండ్ ఇఫ్‌లో నల్ల త్రికోణాన్ని 50, 90 దగ్గర చీల్చితే అది వెలుగు పాయల మీదే పనిచేస్తుంది. నీడల్లో ఊదా వైపు, వెలుగులో ఎరుపు వైపు రంగు విడిపోతుంది. పది డిగ్రీలు చాలు. ముప్పై పెడితే రెండు రంగుల జుట్టవుతుంది.

ఎక్కడ ఆగాలి?

ఈ పద్ధతి బర్గండీ, కాఫీ, ముదురు రాగి, ముదురు నీలం వరకు బాగా నడుస్తుంది. బంగారు జుట్టుకు మాత్రం నడవదు. నల్లవెంట్రుక వెలుగును తాగేస్తుంది, కాబట్టి పాయల మధ్య నీడలు గాఢంగా, మెరుపు గట్టి పట్టీలా ఉంటాయి. బంగారు జుట్టులో వెలుగు ఒక వెంట్రుక నుంచి ఇంకో వెంట్రుకకు పాకి, నీడల్ని లోపలి నుంచే వెలిగిస్తుంది. ఆ వెలుగు నల్లజుట్టు ఫొటోలో అసలు పడలేదు. హ్యూ 45కి తిప్పి, కర్వ్‌ని ఎంత ఎత్తినా వచ్చేది బంగారం కాదు, మసిబారిన ఇత్తడి. అలా అడిగినవాళ్లకి ‘ఈ ఫొటోలో కుదరదండీ, కారమెల్ దాకా తెస్తాను’ అని ముందే చెప్పడం మేలు.

పని అయ్యాక ఒక పరీక్ష చేయండి. అన్నిటికన్నా పైన Black & White లేయర్ ఒకటి వేసి, రంగు లేయర్లను ఆర్పుతూ వెలిగిస్తూ చూడండి. రెండుసార్లూ పాయలు విడివిడిగా, మెరుపు ఉన్నచోటే ఉంటే పని సరిగ్గా కుదిరినట్టు. వెలిగించినప్పుడు మెరుపు మసకబారితే బ్లెండ్ ఇఫ్ త్రికోణాన్ని ఇంకాస్త ఎడమకు జరపాలి. నీడలు బూడిదగా తేలితే కర్వ్‌ని దించాలి. ఆ తర్వాత బ్లాక్ అండ్ వైట్ లేయర్‌ని తీసేసి ఫొటోని సేవ్ చేసుకోవచ్చు.